4800 ఆప్షన్లా, 6000 ఆప్షన్లా?

ఉద్యోగ ఆఫర్ లెటర్‌లోని ఆప్షన్లు, అంటే కంపెనీ షేర్లను నిర్ణీత ధరకు కొనుక్కునే హక్కులు, చేరిన రోజే మీవి కావు. పనిచేసిన కాలాన్ని బట్టి కొన్ని కొన్నిగా మీ హక్కులోకి వస్తాయి. అదే వెస్టింగ్.

మీ ముందు రెండు ఆఫర్లున్నాయనుకోండి. మొదటిది: నాలుగేళ్లకు 4800. ఏడాది నిండితే 1200 ఒకేసారి, తర్వాత నెలకు 100. రెండోది: 6000, కానీ ఏటా చివర్లో 10, 20, 30, 40 శాతం చొప్పున.

పదకొండో నెలలో మానేస్తే రెండింట్లోనూ సున్నా. ఏడాదిన్నరకు మానేస్తే మొదటిదాంట్లో 1800 మీవి, రెండోదాంట్లో 600 మాత్రమే. మూడేళ్లకు రెండూ 3600 దగ్గర సమానమవుతాయి. నాలుగేళ్లూ ఉంటేనే 6000కు లాభం. అంతకాలం ఉంటామన్న నమ్మకం లేకపోతే నేనైతే మొదటిదే తీసుకోమంటాను.

వెస్టయినా అవి ఇంకా షేర్లు కావు, నిర్ణీత ధరకు కొనుక్కునే హక్కు మాత్రమే. మానేశాక కొనడానికి ఎన్నాళ్ల గడువుందో సంతకానికి ముందే అడగండి. చాలాచోట్ల అది 90 రోజులే.