బీటెక్‌లో మైనర్, ఆనర్స్: ఆ ఇరవై క్రెడిట్లకు గిట్టుబాటు ఉందా?

జేఎన్‌టీయూ కాకినాడ ఆర్‌20 రెగ్యులేషన్‌లో మామూలు బీటెక్‌కు 160 క్రెడిట్లు. మైనర్‌కైనా ఆనర్స్‌కైనా ఇంకో 20 కావాలి. వీటిలో 16 క్రెడిట్లు, నాలుగేసి క్రెడిట్ల సబ్జెక్టులు నాలుగు చదివితే వస్తాయి. మిగతా నాలుగు క్రెడిట్లు మూక్‌లతో, అంటే రెండేసి క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సులు రెండింటితో. సొంత బ్రాంచిలోనే లోతుగా వెళ్తే ఆనర్స్, వేరే బ్రాంచి సబ్జెక్టులు తీసుకుంటే మైనర్.

కాగితం మీద 20 చిన్న అంకెలాగే ఉంటుంది. ఈసీఈలో ఉండి సీఎస్ఈ మైనర్ తీసుకున్నారనుకోండి. రెండో ఏడాది రెండో సెమిస్టర్ నుంచి నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ దాకా సెమిస్టర్‌కో సబ్జెక్టు పడుతుంది. సగటున 20 క్రెడిట్లుండే సెమిస్టర్ 24 అవుతుంది, మూక్ కూడా కలిస్తే 26. క్లాసులు సాయంత్రానికో శనివారానికో వెళ్తాయి. ల్యాబ్ రికార్డులు, మిడ్‌లు ఒకేసారి మీద పడే మూడో ఏడాదిలోనే చాలామంది మధ్యలో వదిలేస్తారు. అలా వదిలేస్తే చదివిన సబ్జెక్టులను ఎలక్టివ్‌ల కింద మార్చరు, అదనంగానే మిగిలిపోతాయి. అసలు దెబ్బ అక్కడే.

ఇక మూక్. ఈ ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటెల్‌లో కోర్సులో చేరడం ఉచితమే. పరీక్షకు మాత్రం విడిగా రిజిస్టరై ఫీజు కట్టాలి, ఆ గడువు దాటితే సర్టిఫికెట్ లేదు. అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌లో రాసే పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. రెండూ విడివిడిగా దాటాల్సిందే. దీన్ని జనవరి సెషన్‌కు, అదీ ఆఖరి సెమిస్టర్‌కు అట్టిపెట్టకండి. తప్పితే మళ్లీ రాసే సమయం ఉండదు. మూడో ఏడాదిలోనే రెండు మూక్‌లూ ముగించడం మేలు.

మరి ఎవరికి పనికొస్తుంది? డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి నిజంగా రాని ఈసీఈ, మెకానికల్ వాళ్లకు సీఎస్ఈ మైనర్ మంచిదే, గురువు, పరీక్ష రెండూ ఉంటాయి కనుక. అయితే డిగ్రీలో బ్రాంచి పేరు మారదు. ‘సీఎస్ఈ, ఐటీ మాత్రమే’ అన్న ప్లేస్‌మెంట్ నోటీసును మైనర్ దాటించలేదు. ఇప్పటికే కోడింగ్ బాగా వచ్చినవాళ్లు ఆ గంటలను ప్రాజెక్టుకు పెట్టడమే నయం. ఆనర్స్ ఎంటెక్, ఎంఎస్ ఆలోచన ఉన్నవాళ్లకే, అదీ నాలుగు సబ్జెక్టులూ ఒకే దారిలో ఉంటేనే. వీఎల్‌ఎస్‌ఐలో రెండు, యాంటెన్నాలో రెండు తీసుకుంటే ఏదీ లోతుకు పోదు.

రెండు సబ్జెక్టులనూ ప్రధానంగా చదివే డబుల్ మేజర్ సంగతి వేరు. 2022లో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, రెండో మేజర్‌కు కనీసం 40 శాతం, అంటే 48. అది మొత్తం డిగ్రీలో ఐదింట రెండు వంతుల బరువు. రెండు సబ్జెక్టుల్లోనూ పీజీకి తలుపు తెరిచి ఉంచుకోవాలనుకునేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు మైనరే చాలు.

ఫారం ఇచ్చేముందు కాలేజీలో ఒక్కటి అడగండి: ఆ సబ్జెక్టు క్లాసు నిజంగా నడుస్తుందా, ఏ గంటలో? సరిపడా మంది చేరక బ్యాచ్ రద్దయితే, మీరు ఎంచుకున్నది కాకుండా మిగిలిన మైనర్‌లోకి వెళ్లాల్సి రావచ్చు.