సింగిల్ స్టబ్ మ్యాచింగ్: లోడ్‌కు దగ్గరి స్టబ్బా, దూరపు స్టబ్బా?

స్మిత్ చార్ట్ మీద సింగిల్ స్టబ్ లెక్క చేసినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: "సర్కిల్ రెండుచోట్ల తగులుతోంది, జవాబులు రెండూ సరైనవే. మరి ఏది వేయాలి?" పరీక్షలో ఏది రాసినా మార్కులు పడతాయి. లైను మీద మాత్రం రెండూ ఒకటి కావు.

ఒక లెక్క తీసుకుందాం. 50 ఓమ్‌ల ఎయిర్ లైన్. స్లాటెడ్ లైన్‌తో కొలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 3. పక్కపక్క మినిమాల మధ్య దూరం 20 సెం.మీ., అంటే తరంగదైర్ఘ్యం 40 సెం.మీ., ఫ్రీక్వెన్సీ 750 మెగాహెర్ట్జ్. లోడ్ నుంచి మొదటి మినిమం 5 సెం.మీ. దూరంలో, అంటే 0.125λ దగ్గర ఉంది. చార్ట్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 3 సర్కిల్ గీసి, ఎడమవైపు మినిమం బిందువు నుంచి లోడ్ వైపు (అపసవ్యంగా) 0.125λ జరిగితే 0.6 − j0.8 వస్తుంది. లోడ్ 30 − j40 ఓమ్‌లు. ఇక్కడ దిక్కు తప్పితే +j40 వస్తుంది, ఆ తర్వాతిదంతా తప్పే. పట్టుకోవడం తేలిక: లోడ్ నుంచి వెనక్కి వస్తుంటే మాగ్జిమం కంటే ముందు మినిమం తగిలితే లోడ్ కెపాసిటివ్.

షంట్ స్టబ్ కాబట్టి అడ్మిటెన్స్‌కు మారాలి. సర్కిల్‌పై సరిగ్గా ఎదురు బిందువు 0.6 + j0.8, జనరేటర్ వైపు స్కేలుపై 0.125. అక్కడి నుంచి సవ్యదిశలో తిరిగితే g = 1 సర్కిల్ మొదట 0.167 దగ్గర (1 + j1.15), తర్వాత 0.333 దగ్గర (1 − j1.15) తగులుతుంది. తేడాలు తీస్తే స్టబ్ స్థానాలు లోడ్ నుంచి 1.67 సెం.మీ., 8.33 సెం.మీ.

మొదటిచోట స్టబ్ −j1.15 ఇవ్వాలి. షార్ట్ చేసిన కొసకు అడ్మిటెన్స్ అనంతం కాబట్టి చార్ట్ కుడి కొస (0.25) నుంచి మొదలుపెడితే 0.364 దగ్గర ఆగుతాం: 0.114λ, అంటే 4.5 సెం.మీ. రెండోచోట +j1.15 కావాలి. చార్ట్ ఎడమ కొస దాటి తిరగాలి, పొడవు 0.386λ, అంటే 15.5 సెం.మీ.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇక్కడి నుంచే. 750 దగ్గర రెండింటికీ మ్యాచ్ పర్ఫెక్ట్. ఫ్రీక్వెన్సీ 10 శాతం పెంచి 825కి తీసుకెళ్లండి. లోడ్ మారలేదనుకుని లెక్కిస్తే దగ్గరి స్టబ్‌తో ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. దూరపు షార్ట్ స్టబ్‌తో 3.04! స్టబ్ లేకపోయినా 3 ఉండేది. అంత లోహం పెట్టి సాధించింది సున్నా. కారణం తిన్ననిదే. తరంగదైర్ఘ్యాల్లో లైను ఎంత పొడవుంటే, ఫ్రీక్వెన్సీ మారినప్పుడు చార్ట్ మీద బిందువు అంత ఎక్కువ జరుగుతుంది. దూరపు జవాబులో లైనూ పొడవే, స్టబ్బూ పొడవే. 10 శాతం తగ్గించినా దగ్గరిది 1.26 దగ్గర నిలబడుతుంది, దూరపుది 1.8 దాటుతుంది. అసలు లోడ్ కూడా ఫ్రీక్వెన్సీతో మారుతుంది కాబట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. అయినా నేను దగ్గరి స్టబ్‌తోనే మొదలుపెడతాను.

దీనికి ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది చోటు. 1.67 సెం.మీ.లో కనెక్టర్ ఉండొచ్చు, టీ జాయింట్ పట్టకపోవచ్చు. అప్పుడు చాలామంది సగం తరంగదైర్ఘ్యం వెనక్కి జరిపి 21.67 దగ్గర అదే స్టబ్ వేస్తారు. చార్ట్ ఒప్పుకుంటుంది, కానీ 825 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 2.4 అవుతుంది. దానికంటే 8.33 దగ్గరే ఓపెన్ స్టబ్ వేయడం మేలు. +j1.15కి దాని పొడవు 5.5 సెం.మీ. చాలు, 825 దగ్గర 1.7 వస్తుంది. మైక్రోస్ట్రిప్‌లో అయితే రంధ్రం వేసి గ్రౌండ్‌కు కలిపే పని కూడా తప్పుతుంది. కోయాక్స్‌లో మాత్రం తెరిచిన కొస కొంచెం రేడియేట్ చేస్తుంది, కొస దగ్గరి అదనపు కెపాసిటెన్స్ వల్ల స్టబ్ లెక్క కంటే పొడవున్నట్టు ప్రవర్తిస్తుంది. కాబట్టి కాస్త పొట్టిగా కత్తిరించాలి.

సిరీస్ స్టబ్‌కు కోయాక్స్‌లో లోపలి తీగను కోయాలి, దాని జోలికి పోను. డబుల్ స్టబ్ స్థానాలు కదపక్కర్లేదు, లోడ్ మారుతూ ఉండే చోట పనికొస్తుంది. కానీ స్టబ్‌ల మధ్య దూరం λ/8 అయితే మొదటి స్టబ్ దగ్గర g 2 దాటిన లోడ్లను అది మ్యాచ్ చేయలేదు.