వేర్వేరు ఊళ్ల ఫొటోలతో ఒకే పండుగ కార్డు: జింప్‌తో కొన్నేళ్ల అనుభవం

మా కుటుంబంలో ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. అందరూ ఒకే గదిలో నిలబడి శుభాకాంక్షలు చెబుతున్నట్టు కనిపించే పండుగ కార్డును కొన్నేళ్లుగా జింప్‌లో తయారుచేస్తున్నాను. కంప్యూటర్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఒక్కో మనిషిని ఒక్కో పొరగా పేర్చుకుంటూ పోవచ్చు. ఈ పనికి అది నిక్షేపంగా సరిపోతుంది. అయితే కార్డు నమ్మేలా వస్తుందా, అతుకుల బొంతలా వస్తుందా అన్నది జింప్ తెరవకముందే, ఫొటోలు తీసేటప్పుడే చాలావరకు తేలిపోతుంది.

కొత్తవాళ్లు కత్తిరింపు కష్టమనుకుంటారు. అంచు కాస్త అటూ ఇటూ అయినా చూసేవారు పట్టించుకోరు. వారి కంటికి ముందుగా తగిలేది కెమెరా ఎత్తులోని తేడా. సమతలమైన నేల మీద నిటారుగా పట్టిన కెమెరా 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దిగంత రేఖ, అంటే కెమెరా ఎత్తులో అడ్డంగా సాగే ఊహా గీత, ఫొటోలో అంతకంటే పొడవైన ప్రతి మనిషినీ నేల నుంచి సరిగ్గా 120 సెంటీమీటర్ల దగ్గరే దాటుతుంది. ఆ మనిషి దగ్గరున్నా దూరంగా ఉన్నా అంతే. ఒకరిని పైనుంచి, మరొకరిని ఛాతీ ఎత్తు నుంచి తీస్తే, ఇద్దరి కాళ్ల కింది నేల రెండు రకాలుగా వాలి ఉంటుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిదిద్దలేదు. పిల్లల ఫొటోల్లో ఇది మరీ ఎక్కువ. పెద్దవాళ్లు నిలబడి కిందికి చూస్తూ తీస్తారు కాబట్టి తల పెద్దగా, పాదాలు చిన్నగా వస్తాయి.

అందుకే అందరికీ ఒకే విన్నపం పంపుతాను. ఫోనును 120 సెంటీమీటర్ల ఎత్తులో దేనికైనా ఆనించి నిటారుగా నిలబెట్టండి, మూడు మీటర్ల దూరంలో నిలబడండి, పాదాలు కనిపించాలి. కిటికీ వెలుతురు ఫొటో చూసేవారికి ఎడమవైపు నుంచి పడాలి. దీపాలు, ఫ్లాష్ ఆపండి. వెనుక లేతరంగు గోడ ఉండాలి. నేపథ్యాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ సౌకర్యం వద్దు, అది జుట్టు అంచుల్ని కూడా మింగేస్తుంది. ఫొటోను మామూలుగా కాకుండా ఫైలుగా పంపండి, లేకపోతే దారిలోనే కుదించుకుపోతుంది. చివరగా, చెప్పులు లేకుండా మీ ఎత్తు ఎంతో రాయండి. (ఎత్తు అడిగితే మా పెద్దమ్మ ప్రతిసారీ నొచ్చుకుంటుంది. అయినా అడగక తప్పదు.)

ఆ ఎత్తులతోనే లెక్క మొదలవుతుంది. నా కార్డు 7 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 2100 × 1500 పిక్సెళ్లు. ముందు వరుసకు సెంటీమీటరుకు 6 పిక్సెళ్లు పెట్టుకుంటాను. 180 సెంటీమీటర్ల తమ్ముడు 1080 పిక్సెళ్లు, 150 సెంటీమీటర్ల అమ్మ 900, 110 సెంటీమీటర్ల మేనకోడలు 660. పాదాల నుంచి 720 పిక్సెళ్ల పైన ఒక అడ్డ గీత, అంటే గైడు, లాగి ఉంచుతాను. 120ని 6తో గుణిస్తే వచ్చేది అదే. నేపథ్యంగా పెట్టే గది ఫొటో కూడా అదే ఎత్తు నుంచి తీసినదే కావాలి, దాని దిగంత రేఖ ఈ గీత మీదే కూర్చోవాలి.

తమ్ముణ్ని ఒక అడుగు వెనక్కి నిలబెట్టాలంటే ఊరికే చిన్నగా చేస్తే గాల్లో తేలినట్టుంటాడు. సెంటీమీటరుకు 5 పిక్సెళ్లకు తగ్గిస్తే అతను 900 పిక్సెళ్లు అవుతాడు, అతని 120 సెంటీమీటర్ల గుర్తు పాదాలకు 600 పిక్సెళ్ల పైన ఉంటుంది. ఆ గుర్తు మన గీతను తాకాలంటే పాదాలు 120 పిక్సెళ్లు పైకి జరగాలి. అలా జరపగానే నేల మీద వెనక్కి నడిచి వెళ్లినట్టు కుదురుతుంది. జింప్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. గైడు గీతలు, పిక్సెళ్లలో కొలత రెండూ చేతికి అందుబాటులో ఉంటాయి, కంటి అంచనాతో పని లేదు.

కత్తిరింపుకు రబ్బరు వాడను, లేయర్ మాస్క్ వాడతాను. నలుపు పూస్తే దాస్తుంది, తెలుపు పూస్తే తిరిగి చూపిస్తుంది, అసలు ఫొటో చెక్కుచెదరదు. నేపథ్యాన్ని ఒక్క తాకుడుతో తీసేసే ఫోన్ యాప్‌లు కూడా వాడి చూశాను. వేగంలో వాటికి సాటి లేదు గానీ వేళ్ల మధ్య సందుల్ని పూడ్చేస్తాయి, చెవి పోగుల్ని మాయం చేస్తాయి. జుట్టుకు లేత గోడ అక్కరకొస్తుంది. ఆ మనిషి పొరను నకలు తీసి, దాని విధానాన్ని `Multiply`కి మార్చి, జుట్టు అంచు మాత్రమే కనిపించేలా మాస్క్ చేస్తాను. లేత గోడ దాదాపుగా కరిగిపోయి నల్లని పోగులు మిగులుతాయి. కార్డులోని నేపథ్యం కూడా లేతగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. నెరిసిన జుట్టుకు అసలు పనికిరాదు, అక్కడ సన్నని కుంచెతో ఓపిగ్గా మాస్క్ గీయడమే.

తర్వాత నీడ. మనిషి పొర కింద కొత్త పొర వేసి, అరికాలు నేలను తాకే చోట సన్నగా, ముదురుగా ఒక గీత. దాని నుంచి కుడివైపుకు వెడల్పుగా, పలచగా ఇంకొకటి. వెలుతురు ఎడమ నుంచి వస్తోంది కదా. మొదటి గీత లేకపోతే రెండోది ఎంత అందంగా గీసినా పాదాలు నేలకు ఆనవు. రంగులు `Curves`తో సర్దుతాను. చివర్లో అన్నిటి మీదా ఒకే రకం సన్నని నలుసు లాంటి చుక్కలు చల్లితే వేర్వేరు ఫోన్ల తేడా చాలావరకు అణగిపోతుంది.

పూర్తయ్యాక బొమ్మను అద్దంలో చూసినట్టు అడ్డంగా తిప్పి, రంగులు తీసేసి నలుపు తెలుపులో చూస్తాను. ఎవరి ముఖమైనా మిగతావారికంటే తెల్లగా ఎగిసిపడితే అప్పుడు వెంటనే దొరికిపోతుంది.

ఇక ఫిర్యాదులు. జింప్ పాత 2.10 వెర్షన్‌లో `Curves` ఒకసారి వర్తింపజేస్తే అంతే. మర్నాడు మనసు మారితే ఆ పొరను మళ్లీ మొదటి నుంచి చేయడం తప్ప దారి లేదు. 2025లో వచ్చిన 3.0లో ఆ సర్దుబాట్లు పొరతోపాటే నిలిచి, ఎప్పుడైనా తెరిచి మార్చుకునేలా ఉన్నాయి. కార్డు పనికి ఇంతకంటే పెద్ద మేలు మరొకటి జరగలేదు. తెలుగు ఒత్తులు, గుణింతాలు యూనికోడ్ ఫాంటులో సరిగానే పడతాయి. ఫోనులో మాత్రం ఈ పని కుదరదు, నేర్చుకోవడానికి కొన్ని వారాంతాలు పోతాయి.

ఏ పద్ధతికీ లొంగనిది స్పర్శ. భుజం మీద చేయి వేసినట్టు చూపాలంటే చేతి బరువుకు బట్ట నలగాలి, వేళ్ల నీడ పడాలి. నేను ఆ జోలికి పోను. ఒకరి భుజం వెనుక మరొకరు కొద్దిగా దాగేలా పేరుస్తాను, దగ్గరితనం దానితోనే వచ్చేస్తుంది. కూర్చున్నవారికైతే ఆ కుర్చీతో సహా ఫొటో అడుగుతాను.

పొరలన్నీ ఉన్న `.xcf` ఫైలు దాచుకుంటే మరుసటి ఏడాది గది, గీత, నీడల పొరలు చాలావరకు అలాగే పనికొస్తాయి, మనుషుల్ని మారిస్తే చాలు. పెద్దల ఎత్తులు పాతవే వాడుకోవచ్చు. పిల్లల ఎత్తు మాత్రం ఏటా కొత్తగా కొలిపించాలి.