ఐదు మాటల గడియారం: రెండు పత్తి పంటలు వాడిన తర్వాత

మాది మునుగోడు పక్క ఊరు. ఎర్ర చెల్క నాలుగెకరాల్లో పత్తి, బోరు కింద ఎకరంన్నర బత్తాయి. ఏడాదిన్నర కింద మా అక్క కొడుకు ఈ స్మార్ట్‌వాచ్ తెచ్చి చేతికి పెట్టాడు. మందు కొట్టేటప్పుడు, బోరు దగ్గర తడి చేతులతో ఉన్నప్పుడు ఫోన్ తీయలేక ఇబ్బంది పడుతున్నానని చూసి తెచ్చాడు. బటన్ నొక్కి అడిగితే ఇందులోని అసిస్టెంట్ తెర మీద జవాబు రాస్తుంది. ఆ జవాబులో ఐదు మాటలకే చోటు. అంతకంటే ఎక్కువ కావాలంటే కింద ఉన్న ఫోన్ గుర్తు నొక్కాలి, పూర్తి జవాబు ఫోన్‌లో తెరుచుకుంటుంది. నడక, నిద్ర, గుండె లెక్కల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ ఐదు మాటల గురించే రాస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన రోజు అవే చదివాం.

మొదటి పంటకు ఇది నన్ను చాలా విసిగించింది. తెలుగులో అసలు సంగతి వాక్యం చివర ఉంటుంది. కొట్టాలా, కొట్టొద్దా అన్నది క్రియ వస్తే గాని తేలదు. ఈ గడియారం అప్పట్లో పెద్ద జవాబు తయారుచేసుకుని మొదటి ఐదు మాటలు చూపించి ఆపేసేది. ఆకాశం మబ్బు పట్టిన ఒక రోజు, ఇవాళ పత్తికి పురుగుమందు కొట్టొచ్చా అని అడిగితే తెర మీద ఇది వచ్చింది: "వర్షానికి ముందు మందు కొట్టడం వల్ల". అక్కడికి అయిపోయింది. వల్ల ఏమవుతుందో తెలియాలంటే పంపు దించి, గ్లౌజులు విప్పి, ఫోన్ తీయాలి. ఆ పని చేయగలిగితే గడియారం ఎందుకు?

ఇంకో సమస్య మా మాటతోనే వచ్చింది. మా దిక్కు మందు అంటే గోళీ కూడా మందే, పురుగుమందు కూడా మందే, సారా కూడా మందే. "మందు కొట్టొచ్చా" అంటే తాగుడు గురించి అడిగాననుకుని "మద్యం ఆరోగ్యానికి హానికరం, మానేయండి" అని రాసేది. అందుకే ఇప్పుడు ప్రతిసారీ పంట పేరు ముందు చెప్పి, పురుగుమందు అని పూర్తిగా పలుకుతాను. కొనేవాళ్లు ఈ అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

రెండో పంటకు ముందు ఒక అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి జవాబును కత్తిరించడం లేదు, ఐదు మాటల్లో పట్టేటట్టే రాస్తోంది. అదే మబ్బు ప్రశ్న మళ్లీ అడిగితే "ఇవాళ వద్దు. సాయంత్రం వానుంది. రేపు." అని వచ్చింది. తేల్చి చెప్పే మాట ముందుకు వచ్చింది, కారణం మధ్యలో, చేయాల్సింది చివర. మాటలు లెక్కపెట్టేది ఖాళీని బట్టి కాబట్టి "వాన ఉంది" అని విడిగా రాస్తే రెండు, కలిపి "వానుంది" అంటే ఒకటే. మనం నోటితో ఎట్లా కలిపి అంటామో అట్లా రాస్తే ఐదింట్లోనే ఆరేడు మాటల సంగతి పడుతుంది. ఈ సౌకర్యం తెలుగుకు ఉన్నది, దీన్ని వాడుకున్నవాళ్లను మెచ్చుకోవాలి.

అయినా ఐదు మాటల్లో పట్టనిది ఒకటి ఉంటుంది: ఆ జవాబు దేన్ని అనుకుని ఇచ్చిందో చెప్పే చోటు ఉండదు. మోతాదు అడిగినప్పుడు ఇది బాగా తెలిసింది. మా మందు డబ్బా మీద పత్తికి లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు అని ఉంది. పంపుకు ఎంత పోయాలని అడిగితే "పంపుకు 32 మిల్లీలీటర్లు, లేబుల్ చూడండి" అని రాసింది. నాది 16 లీటర్ల బ్యాటరీ పంపు, లెక్క సరిపోయింది. అదే జవాబు మా బావమరిదికి చెప్తే తప్పయ్యేది, అతనిది 20 లీటర్ల పంపు, 40 పోయాలి. ప్రశ్న మార్చి "లీటరుకు ఎంత" అని అడిగాను. "లీటరుకు 2 మిల్లీలీటర్లు, లేబుల్ చూడండి" అని వచ్చింది. ఇదీ ఐదు మాటలే, కానీ ఎవరి పంపుకైనా పనికొస్తుంది. అప్పటి నుంచి లెక్కలన్నీ లీటరుకు, ఎకరానికే అడుగుతున్నాను.

ఇక సెప్టెంబర్ సంగతి. పత్తి నడుము ఎత్తు దాటింది, పూత, కాయ మీద ఉంది. మా బావమరిది వాళ్ల చేనులో పొద్దున్నుంచి మందు కొడుతున్నాడు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు. గాలి ఎదురుగా వస్తోంది, మూతికి తువ్వాల తప్ప ఏమీ లేదు. నాజిల్‌లో చెత్త అడ్డం పడితే నోటితో ఊది శుభ్రం చేశాడు. ఇది మా దిక్కు అందరూ చేసే పనే, నేనూ చేశాను. పంపు మూత సరిగా పట్టక వీపు మీద చొక్కా తడిసి ఉంది. నేను పోయేసరికి పంపు దించి వేపచెట్టు కింద కూర్చున్నాడు.

"బావా, ఎండ కొట్టింది గావచ్చు, కండ్లు మసక మసకైతున్నయ్" అన్నాడు.

ఎండదెబ్బే అనుకున్నా నేను కూడా. దగ్గరికి పోయి చూస్తే చెమట ధారగా కారుతోంది, నోట్లో నీళ్లు ఊరి పక్కకు జారుతున్నాయి, కండ్ల వెంట నీళ్లు, కనురెప్ప దానంతటదే అదురుతోంది. కంటి పాప గింజంత చిన్నగా అయింది. చెట్టు నీడలో కూర్చున్న మనిషికి పాప పెద్దది కావాలి గాని చిన్నది కాకూడదు. ఇది ఆసుపత్రిలో డాక్టర్ చెప్తే తెలిసింది, అప్పుడు నాకు తెలియదు. ఎండదెబ్బకూ మందు దెబ్బకూ తేడా చూడాలంటే నోట్లో ఊరే నీళ్లు, చిన్నబడ్డ కంటి పాప, అదిరే కండరాలు చూడమన్నాడాయన.

నా చేతులకు కూడా మందు డబ్బా తడి ఉంది. గడియారం నొక్కి, పురుగుమందు కొట్టినోనికి చెమట, నోట్ల నీళ్లు, చూపు మసక అని చెప్పాను. తెర మీద వచ్చింది:

"బట్టలు విప్పండి, సబ్బుతో కడగండి, 108"

అంతే. చొక్కా గుండీలు విప్పే ఓపిక లేక చింపేశాను. నేను బోరు పైపు దగ్గరికి లాక్కెళ్తుంటే మా చెల్లె 108కు ఫోన్ చేసింది. సబ్బు లేదు. పక్క చేను తాత బట్టల సబ్బు ముక్క తెచ్చాడు, ఇంకో చేతిలో చెంబుతో ఉప్పు నీళ్లు కూడా తెచ్చాడు, తాపి కక్కిద్దామని. మా ఊళ్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి అది. ఐదు మాటల్లో దాని గురించి ఏమీ లేదు. చెల్లె అప్పటికే నా ఫోన్ తీసి పూర్తి జవాబు చదువుతోంది, "తాతా, కక్కియ్యొద్దంటున్నరు" అని ఆపింది. మందు చర్మం నుంచి, ఊపిరి నుంచి పోయినప్పుడు కడుపులోంచి కక్కించి తీసేది ఏమీ ఉండదు. పైగా స్పృహ తప్పుతున్న మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టమని కూడా ఫోన్‌లోనే ఉంది.

అంబులెన్స్‌లో ఎక్కించాం. నల్గొండ ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగిన మాట, "ఏ మందు? డబ్బా తెచ్చినరా?" తేలేదు. చేను దగ్గర తాత ఉన్నాడు గనుక ఫోన్ చేస్తే మనవడితో బండి మీద పంపించాడు. డబ్బా మీద మందు రకం, విరుగుడు రెండూ రాసి ఉంటాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, నోట్లో నీళ్లు తగ్గేదాకా మళ్లీ మళ్లీ ఇచ్చారు. నాలుగో రోజు ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత మేం ఇంట్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఆ ఐదు మాటలు సరైనవేనా అని. మా మేనల్లుడు 108 ముందు ఉండాలంటాడు. నేను బట్టలే ముందు అంటాను. అంబులెన్స్ వచ్చేదాకా తడి చొక్కా వీపుకు అంటుకుని ఉంటే మందు లోపలికి పోతూనే ఉంటుంది. కానీ అతని మాటలోనూ న్యాయం ఉంది. ఆ రోజు మేం ముగ్గురం ఉన్నాం, ఒకరు విప్పారు, ఒకరు ఫోన్ చేశారు. చేనులో ఒక్కడే ఉన్నవాడు ముందు 108కే చేయాలి, ఎందుకంటే కడుక్కుంటూ స్పృహ తప్పితే పిలిచే దిక్కు ఉండదు. ఎంతమంది ఉన్నారో గడియారం అడగలేదు, అడగడానికి చోటూ లేదు. తయారుచేసినవాళ్లు ఇది చదివితే, ఇలాంటి ప్రశ్నకు మాత్రం ఫోన్‌లోని పూర్తి జవాబు మేం నొక్కకుండానే తెరుచుకునేటట్టు చేయమని అడుగుతున్నాను. "డబ్బా తీసుకెళ్లండి", "కక్కించొద్దు" అన్నవి ఐదింట్లో పట్టవు, కానీ వాటి అవసరం పది నిమిషాల్లోనే పడింది.

వాడకం గురించి మిగిలినవి. ఫోన్ దగ్గర్లో లేకపోతే అసిస్టెంట్ పనిచేయదు. ఫోన్ గట్టు మీద పెట్టి పదిహేను సాళ్లు దాటితే తెగిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులోనే ఉంచుకోవాలి. సిగ్నల్ లేని చేను మూలల్లో అసలే రాదు. ఛార్జింగ్ నాకు రెండు రోజులు వస్తోంది. ఎండలో తెర కనబడాలంటే వెలుగు పూర్తిగా పెంచాలి, అప్పుడు ఒకటిన్నర రోజే.

బెల్టు గురించి మాత్రం జాగ్రత్త. దీంతో వచ్చింది గుడ్డ బెల్టు. మందు చుక్కలు దానిలోకి ఇంకి రోజంతా మణికట్టుకు అంటుకుని ఉంటాయి. నాకు మొదటి పంటలోనే అక్కడ చర్మం ఎర్రబడి మండింది, చెమటకు అనుకున్నాను. బావమరిది తడి చొక్కా చూశాకే అర్థమైంది. ఇప్పుడు రబ్బరు బెల్టు వేయించాను, మందు కొట్టేటప్పుడు గ్లౌజు దాని మీదికి లాగుతాను, అయిపోగానే విప్పి బెల్టునూ మణికట్టునూ విడివిడిగా సబ్బుతో కడుగుతాను.

నా పంపుకూ బావమరిది పంపుకూ ఇప్పుడు పట్టీకి చిన్న కవర్ కట్టి ఉంటుంది. అందులో ఒక సబ్బుబిళ్ల, నాజిల్ శుభ్రం చేసే సన్న తీగ.