జీతంలో కోసే పన్ను, ధరలో కలిసే పన్ను: ఏది మేలు?

ప్రభుత్వానికి పన్ను కట్టేవారు ఎవరు, ఆ పన్ను భారాన్ని చివరికి మోసేవారు ఎవరు అన్న రెండు ప్రశ్నలకు ఒకటే జవాబు వస్తే అది ప్రత్యక్ష పన్ను. కట్టేది ఒకరై, భారం మరొకరి మీద పడితే అది పరోక్ష పన్ను. మొదటిదాన్ని అమ్మ లేదా నాన్న పే స్లిప్‌లోనూ, రెండోదాన్ని దుకాణం ఇచ్చే బిల్లులోనూ చూడవచ్చు. పన్ను రేట్లు దేశాన్ని బట్టి మారుతాయి కాబట్టి, కింద వాడిన రేట్లు, జీతాలు, ధరలు అన్నీ లెక్క తేలికగా సాగడం కోసం అనుకున్నవే.

ముందుగా పే స్లిప్ చూద్దాం. అందులో పైన మొత్తం జీతం, దాని కింద కోతలు, చివర చేతికి వచ్చే జీతం ఉంటాయి. ఒక తల్లి నెల జీతం 50,000 అనుకుందాం. ఆదాయంలో మొదటి 20,000 మీద పన్ను లేదు, తర్వాతి 20,000 మీద నూటికి 10, 40,000 దాటిన భాగం మీద నూటికి 20 అన్నది నియమం. అప్పుడు ఆమె పన్ను 0 + 2,000 + 2,000, అంటే 4,000. ఇక్కడ పెద్దవాళ్లు కూడా తరచుగా పొరబడతారు. జీతం 40,000 దాటగానే మొత్తం జీతం మీద నూటికి 20 పడుతుందని, అందుకే జీతం పెరిగితే నష్టమని అనుకుంటారు. పై రేటు ఆ గీత దాటిన భాగానికి మాత్రమే వర్తిస్తుంది. 40,000 జీతం మీద పన్ను 2,000 కాగా, జీతం 40,100 అయితే పన్ను 2,020 అవుతుంది, అంటే పెరిగిన 100లో 80 చేతికే వస్తుంది. ఆదాయపు పన్నును చాలా చోట్ల ఏడాది మొత్తానికి లెక్కగట్టి నెలనెలా కోస్తారు గాని, శ్లాబుల పద్ధతి ఇదే.

అదే స్లిప్‌లో భవిష్య నిధి పేరుతో మరో 5,000 కోత ఉందనుకుందాం. కోతలన్నీ పన్నులు కావు. నిధికి వెళ్లిన సొమ్ము ఆ ఉద్యోగి పేరునే జమ అయి తర్వాత తిరిగి వస్తుంది, పన్ను మాత్రం ఖజానాకు చేరుతుంది. కాబట్టి చేతికి వచ్చే 41,000ను చూసి 9,000 పన్ను పోయిందని చెప్పడం తప్పు.

ఇప్పుడు బిల్లు సంగతి. ఒక బడి సంచి ధర పన్నుతో కలిపి 1,100 అనుకుందాం. పన్ను నూటికి 10 అయితే ఇందులో పన్ను ఎంత? చాలామంది విద్యార్థులు వెంటనే 110 అంటారు. పన్నును వేసింది 1,000 అసలు ధర మీద కాబట్టి జవాబు 100. పన్ను కలిసిన ధరను 110తో భాగించి 10తో గుణిస్తే పన్ను విడిగా తేలుతుంది.

ఆ 100 మొత్తాన్నీ దుకాణదారు ఒక్కడే ఖజానాకు కట్టడు. విలువ ఆధారిత పన్ను విధానంలో అది మెట్లు మెట్లుగా చేరుతుంది. గుడ్డ తయారుచేసినవారు సంచి కుట్టేవారికి 400కు అమ్మి, దాని మీద వసూలు చేసిన 40 కడతారు. సంచి కుట్టినవారు దుకాణానికి 700కు అమ్మి 70 వసూలు చేస్తారు, గుడ్డ కొన్నప్పుడు తాము ఇచ్చిన 40 మినహాయించుకుని 30 కడతారు. దుకాణదారు 1,000కి అమ్మి 100 వసూలు చేసి, తాను ముందే ఇచ్చిన 70 మినహాయించుకుని 30 కడతాడు. మొత్తం 40 + 30 + 30 = 100. కట్టినవారు ముగ్గురు, వారిలో ఎవరి జేబుకూ భారం తగల్లేదు. భారమంతా సంచి కొన్న కుటుంబానిదే.

ఏది న్యాయం అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. సంచి కొన్న ప్రతి ఒక్కరూ, ఆదాయం ఎంతైనా సరే, అదే 100 కడతారు. నెలకు 50,000 ఆదాయం ఉన్న పై కుటుంబం చేతికొచ్చిన దాంట్లో 33,000 ఖర్చు చేసి మిగిలింది దాచుకుంటుందనుకుందాం. ఆ ఖర్చులో దాగిన పన్ను 3,000, అంటే ఆదాయంలో నూటికి 6. మరో కుటుంబం ఆదాయం 20,000, అదంతా ఖర్చయిపోతుంది. వారు ధరల్లో కట్టిన పన్ను సుమారు 1,818, అంటే ఆదాయంలో నూటికి 9 కన్నా కొంచెం ఎక్కువ. తక్కువ సంపాదించే కుటుంబం మీదే ఎక్కువ వంతు పడింది. కలిగిన ఇంటివారి కంటే లేని ఇంటివారు పెద్ద వంతు మోయడం నాకు ఏ విధంగానూ న్యాయంగా తోచదు. ప్రత్యక్ష పన్నును కూడా కలిపి చూస్తే లెక్క మారుతుంది. మొదటి కుటుంబం 4,000 కూడా కలిపి 7,000, అంటే నూటికి 14 కడుతుంది. ఆదాయపు పన్ను లేని రెండో కుటుంబం దగ్గర పాత 1,818 మాత్రమే ఉంటుంది.

పరోక్ష పన్నులోని ఈ లోపాన్ని కొంత తగ్గించే మార్గం ఉంది. నిత్యావసరాల మీద పన్ను తీసేస్తే, రెండో కుటుంబం ఖర్చులో సగం వాటి మీదే పోతుందనుకుంటే, వారి భారం సుమారు 909కి, అంటే నూటికి 4.5కు దిగుతుంది. కాకపోతే ఆ మినహాయింపు మొదటి కుటుంబం కొనే నిత్యావసరాలకూ దక్కుతుంది, ఖజానా రాబడి ఆ మేరకు తగ్గుతుంది. బిల్లు కౌంటర్ దగ్గర కొనుగోలుదారు ఆదాయం అడగరు గదా!

వసూలు విషయంలో మాత్రం పరోక్ష పన్నుదే పైచేయి. దుకాణదారు బిల్లు ఇవ్వకుండా సంచి అమ్మి లెక్కలో చూపకపోయినా, పై మెట్లలో 70 ముందే ఖజానాకు చేరింది, పోయింది 30 మాత్రమే. సంచి కుట్టేవారు గుడ్డ మీది పన్ను మినహాయించుకోవాలంటే గుడ్డ బిల్లు చూపాలి కాబట్టి, అమ్మినవారి లెక్క కొన్నవారి దగ్గర కూడా ఉంటుంది. ఫ్రాన్స్ 1954లో ఈ విధానాన్ని మొదలుపెట్టాక అది ఎన్నో దేశాలకు పాకడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ప్రత్యక్ష పన్నులో ఇలాంటి గట్టి పట్టు జీతగాళ్ల దగ్గరే ఉంటుంది. యజమానే జీతంలోంచి కోసి కట్టే పద్ధతిని బ్రిటన్ 1944లో ప్రవేశపెట్టింది, పే స్లిప్‌లో కనిపించే పన్ను కోత అలాంటి ఏర్పాటే. సొంతంగా వ్యాపారం చేసేవారి ఆదాయాన్ని వారే ప్రకటించాలి గనుక అక్కడ దాచేందుకు వీలు ఎక్కువ. ఆదాయాల లెక్క సరిగా దొరకని దేశం ప్రత్యక్ష పన్నునే నమ్ముకుంటే, నిజాయితీగా జీతం చూపేవారే మొత్తం భారం మోయవలసి వస్తుంది.

అందువల్ల, ఆదాయం కాగితం మీద స్పష్టంగా కనిపించే చోట ప్రత్యక్ష పన్నే మేలని నా అభిప్రాయం. అది కనిపించని చోట నిత్యావసరాలను వదిలిపెట్టిన పరోక్ష పన్ను తప్పనిసరి, అయితే దాని రేటు పెంచే ప్రతిసారీ రెండో కుటుంబం లెక్కను మళ్లీ వేసి చూడాలి.

భారం మారడం గురించి మరొక్క జాగ్రత్త. పక్క దుకాణంతో పోటీ గట్టిగా ఉంటే, పన్ను పెరిగినా దుకాణదారు ధర పెంచకుండా తన లాభంలోంచి కొంత భరించవచ్చు. అలాగే ఇంటి యజమాని కట్టే ఆస్తి పన్ను పుస్తకాల్లో సాధారణంగా ప్రత్యక్ష పన్నుగానే ఉంటుంది, కానీ అద్దె ఇళ్లకు గిరాకీ ఎక్కువగా ఉంటే దాన్ని అద్దెలో కలిపి అద్దెకున్నవారి మీదకు నెట్టవచ్చు. అప్పుడు అద్దె రసీదులో పన్ను అన్న మాట ఎక్కడా లేకపోయినా, దాన్ని మోస్తున్నది అద్దెకున్న కుటుంబమే.