నా కాళ్ల కింది పీట: ఏడాది దాటాక

ఇంట్లో కూర్చుని రోజంతా కంప్యూటర్ ముందు పని చేసే స్నేహితురాలికి ఏమి కొనివ్వాలని ఎవరైనా అడిగితే నేను కుర్చీ అనను, మెత్త అని అసలే అనను. పీట అంటాను. విన్నవాళ్లు నవ్వుతారు. నాకు వచ్చినప్పుడు నేనూ నవ్వాను.

విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఆసుపత్రి బిల్లుల కోడింగు చేస్తాను. రోజుకు తొమ్మిది గంటలు. ఉద్యోగం ఇంటికి మారినప్పటి నుంచి పుట్టినరోజుకైనా పెళ్లిరోజుకైనా నాకు వచ్చేవన్నీ నడుముకు మంచివే. తమ్ముడు ఇచ్చిన లాప్‌టాప్ స్టాండు బాగానే పని చేస్తోంది, నేను విడిగా కీబోర్డు కొనుక్కున్న నాటి నుంచి. అంతవరకు చేతులు గాలిలో పెట్టి టైపు చేశాను. ఆఫీసులో కొందరు చందాలు వేసుకుని పంపిన మెమరీ ఫోం మెత్త మీద మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. మే నెలలో దాని మీద గంట కూర్చుంటే తడిసిన చాప మీద కూర్చున్నట్టే. దాని అసలు తప్పు అది కాదని తర్వాత తెలిసింది. ఇప్పుడది మావయ్యగారి పడక కుర్చీలో ఉంది. ఆయనకు నచ్చింది.

ఇక పీట సంగతి. 2024 అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి బొబ్బిలి నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. మర్నాడు పొద్దున నేను పనిలో కూర్చుంటే తను పక్కన మంచం మీద కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది: "నీ కాళ్లు ఎక్కడ పెట్టుకున్నావో చూసుకున్నావా?"

వంగి చూసుకున్నాను. చక్రాలున్న కుర్చీకి అడుగున అయిదు కొమ్మలు ఉంటాయి కదా, వాటిలో రెండింటి మీద నా కాలివేళ్లు చిలక కొమ్మను పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. మడమలు గాలిలో ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి అలా కూర్చుంటున్నానో నాకే తెలియదు. సాయంత్రమయ్యేసరికి పాదాలు తిమ్మిరెక్కితే షుగరేమో అని రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు. తొడల వెనక, మోకాలికి కాస్త పైన, కుర్చీ అంచు నొక్కిన గీత పడుకునే వేళకు కూడా పోయేది కాదు. ఆ గీతనూ ఆ తిమ్మిరినీ కలిపి ఆలోచించాలని ఒక్కనాడూ తోచలేదు.

మా అత్తగారి కుట్టుమిషను మీద ఉన్న టేపు తెచ్చి కొలిచింది. నా ఎత్తు అయిదడుగులు. మోకాలి మడత నుంచి అరికాలి దాకా 15 అంగుళాలు. కూర్చున్నప్పుడు గద్దె నుంచి మోచేయి 9 అంగుళాల ఎత్తున ఉంది. నా టేబులు ఎత్తు 29 అంగుళాలు. టైపు చేసేటప్పుడు మోచేయి టేబులుకు సమానంగా ఉండాలంటే గద్దె 20 అంగుళాల ఎత్తున ఉండాలి. నేను కుర్చీని పైదాకా లేపుకుని సరిగ్గా అక్కడే పెట్టుకున్నాను, ఆ లెక్క తెలియకుండానే. భుజాలు ఎక్కడ తేలిగ్గా ఉంటే అక్కడ ఆపాను, అంతే. కాళ్లకు మాత్రం అయిదంగుళాలు తక్కువ పడింది. వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కుర్చీ దించితే సరిపోదా అంటే సరిపోదు. పాదాలు నేలకు ఆనుతాయి, కానీ టేబులు చంక కిందికి వచ్చి తొమ్మిది గంటలూ భుజాలు ఎగరేసుకుని కూర్చోవాలి. టేబులు కాళ్లు కోయించవచ్చు, కానీ అది మావయ్యగారు వాళ్ల నాన్నగారి టేకు టేబులు, ఆ మాట నేను ఈ ఇంట్లో ఎత్తలేను. మెత్త మీద కోపం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నన్ను మరో రెండంగుళాలు పైకి లేపింది, కాళ్లను నేలకు మరో రెండంగుళాలు దూరం చేసింది. పైగా కుర్చీ వీపుకు నడుము దగ్గర ఉండే ఉబ్బు నాకు కాస్త కిందికి పోయి ఎందుకూ పనికిరాకుండా అయింది.

నెల తిరగకుండా బొబ్బిలి నుంచి పీట వచ్చింది. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, అడుగు లోతు, పైచెక్క ఏటవాలుగా ఉంది. పనసచెక్క. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారని మా వైపు అందరికీ తెలుసు. వీణకు పనికిరాని ముక్క ఏదో నా కాళ్ల కిందికి వచ్చిందని మావారు వేళాకోళం చేశారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "పీట మీద కూర్చుని అన్నం తింటాం, దేవుణ్ణి పెడతాం. దాని మీద కాళ్లు పెట్టుకోవడమేమిటమ్మా?" అన్నారు. ఏటవాలు చూపించి, దీని మీద ఎవరూ కూర్చోలేరు, దేవుడైతే జారిపోతాడు అన్నాను. వంటింట్లోకి రానివ్వకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

మొదటి రెండు నెలలు నేను దాని గురించి చెప్పని మనిషి లేదు. తిమ్మిరి వారంలో పోయింది. తొడల వెనక గీత కనిపించడం మానేసింది. నడుము నొప్పి కూడా పోయిందని ఫోనులో అందరికీ చెప్పాను. ఆ చివరి మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి. కాళ్లు వేలాడినన్నాళ్లూ నేను కుర్చీ అంచుకు జరిగి కూర్చునేదాన్ని, కాళ్లకు ఆసరా దొరికాక వీపు వెనక్కి ఆనించడం మొదలుపెట్టాను. నడుముకు మేలు చేసింది ఆ ఆనించడం. పీట దానికి వీలు కల్పించిందంతే.

సంక్రాంతి వెళ్లాక మెడనొప్పి మొదలైంది. నడుము బాగుపడితే మెడ ఎందుకు పట్టుకుంటుంది? తెర ఎత్తు మార్చాను, దిండు మార్చాను, కళ్లజోడు నంబరు చూపించుకున్నాను. రెండు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం పెన్ను కింద పడితే తీసుకోబోయాను, అందలేదు. పొద్దున కుర్చీ ముందు చక్రం రెండు పలకల మధ్య గీత మీద ఉంటుంది, ఎందుకంటే అక్కడికి లాక్కునే కూర్చుంటాను. ఇప్పుడు ఆ చక్రం గీతకు జానెడు వెనక ఉంది. నేను వెనక్కి జరుగుతున్నాను, నాకు తెలియకుండా. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి కాబట్టి ఒళ్లు వెనక్కి పోతున్న కొద్దీ తల ముందుకు సాగుతోంది.

మర్నాడు సుద్దముక్కతో గుర్తు పెట్టి గంటగంటకూ చూశాను. మొదటి గంటకు రెండంగుళాలు జరిగింది. టీ తాగి వచ్చి మళ్లీ గీత మీదికి లాక్కుంటే మళ్లీ రెండంగుళాలు. పాదాలు పీట మీద నుంచి దించి పాత పుస్తకాల కట్ట మీద పెట్టుకున్న గంటలో చక్రం కదలలేదు. అక్కడితో విషయం తేలిపోయింది. పుస్తకాల కట్ట పైన చదునుగా ఉంటుంది, కాళ్ల బరువు నేరుగా కిందికే పోతుంది. పీట ముందువైపు మూడంగుళాలు, అవతలి వైపు ఎనిమిది. అడుగు లోతులో అయిదంగుళాల వాలు. అంత వాలు మీద పాదం పెడితే ఆనించడమంటే తన్నడమే. పలకల నేల, కింద గట్టి ప్లాస్టిక్ చక్రాలు, తన్నిన ప్రతిసారీ కుర్చీ ఇంత వెనక్కి పోతుంది. సాయంత్రానికి పిక్కలు లాగుతున్నట్టు ఉండడమూ ఆ వాలు వల్లే. పాదం రోజంతా వేళ్లు పైకి, మడమ కిందికి మడిచినట్టు ఉండేది.

ఇది స్నేహితురాలికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాను. "వాలు ఎంత ఉంటే అంత మంచిదనుకుని నేనే ఎక్కువ పెట్టమన్నానే" అంది.

మా వీధి చివరి వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పీటను అటూ ఇటూ తిప్పి, చెక్క మీద గోటితో తట్టి, "పనసను ఇలా కాళ్లకు వేశారా అమ్మా" అని మా అత్తగారి మాటే అన్నారు. అవతలి కాళ్లు రెండంగుళాలు కోశారు. ఇవతలి కాళ్ల కింద అంగుళం మందం ముక్కలు బిగించారు. ఇప్పుడు ఇవతల నాలుగు, అవతల ఆరు. పాదం మధ్య పడే చోట సరిగ్గా అయిదంగుళాలు, నాకు తక్కువ పడిన లెక్క అదే. నున్నటి పాలిష్ మీద చెమట కాళ్లు జారుతున్నాయని పైన రబ్బరు గీతల పట్టా అంటించమన్నాను. కుర్చీ కింద ఒక జనపనార పట్టా పరిచాను, చక్రాలు అంత తేలిగ్గా దొర్లకుండా. ఆ తర్వాత సుద్దగీత దగ్గర చక్రం రోజంతా అంగుళం కూడా జరగలేదు. మెడ పదిరోజుల్లో సర్దుకుంది.

ఏడాది దాటింది. రోజూ వాడుతున్నాను. అయినా ఒకే పొజిషన్‌లో పాదాలు పెట్టి కూర్చుంటే దీని మీద కూడా తిమ్మిరి వస్తుంది, నలభై నిమిషాలకోసారి లేవడం తప్పలేదు. నేల తుడిచేటప్పుడు కాళ్ల కింది ముక్క ఒకటి నానింది, పీట కాస్త ఊగుతోంది, మడిచిన అట్టముక్క పెట్టాను. వాలు తగ్గాక మామూలు పీటలానే కనిపిస్తోందని అత్తగారు దాని అంచుకు నీలం టేపు చుట్టించారు, వంటింటి పీటలతో కలిసిపోకుండా. రాత్రిపూట మావారు ఇదే టేబులు దగ్గర కూర్చుంటారు. ఆయన ఎత్తు అయిదడుగుల తొమ్మిది. పీట ఉంటే ఆయన మోకాళ్లు టేబులుకు తగులుతాయి, అందుకని కాలితో గోడవైపు తోసేస్తారు. పొద్దున నేను వేళ్లతో లాక్కుంటాను.

కాబట్టి ఎవరికైనా ఇచ్చే ముందు ఒక్కటి చూడండి. ఆమె పనిలో ఉన్నప్పుడు, మీరు చూస్తున్నారని తెలియనప్పుడు, మడమలు ఎక్కడున్నాయో చూడండి. నేల మీద ఉంటే పీట ఆమెకు అడ్డమే. నా విషయంలో పొట్టి మనిషి, మార్చడానికి వీల్లేని టేబులు, పైదాకా లేచే కుర్చీ, మూడూ కలిశాయి. అలా కలవని చోట ఇది ఎలా ఉంటుందో మా వారి మోకాళ్లనే అడగాలి.

ఫిబ్రవరిలో నా స్నేహితురాలి పుట్టినరోజు. తనూ ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తోంది, నాకంటే అరడుగు పొడవు. బదులుగా పీట ఇచ్చే దారి లేదు. పోయిన నెల బొబ్బిలి వెళ్లినప్పుడు చూశాను, పాదాలు నేల మీద చక్కగా ఉన్నాయి, కానీ టేబులు తక్కువై భుజాలు ముందుకు వంగిపోతున్నాయి. టేబులు కాళ్ల కింద పెట్టడానికి గుంట తొలిచిన దిమ్మలు నాలుగు, రెండంగుళాలవి, మా వీధి వడ్రంగికి చెప్పి వచ్చాను. పనస కాదు, మామిడి. ముందు తన మోచేయి కొలిచిన తర్వాతే కోయమన్నాను.