రోజ్‌మేరీయా, లావెండరా? ఉక్కపోత ఇంట్లో ఏది బతుకుతుంది?

విశాఖలో మా ఫ్లాట్ సముద్రానికి దగ్గర. రెండేళ్ల కిందట జూన్ మొదట్లో నర్సరీ నుంచి ఒక రోజ్‌మేరీ, ఒక లావెండర్ తెచ్చి, రోజ్‌మేరీని వంటింటి కిటికీ దగ్గర పింగాణీ కుండీలో, లావెండర్‌ని హాల్లో టీపాయ్ మీద పెట్టాను. వాసన ఇల్లంతా వస్తుందని ఆశ. జులై నెలాఖరుకి లావెండర్ పోయింది. ఆగస్టులో రోజ్‌మేరీ పోయింది.

పోయిన తీరు మాత్రం ఒకటి కాదు. లావెండర్ కింద నుంచి మొదలుపెట్టింది. మొదలు దగ్గరి బూడిదరంగు ఆకులు నల్లబడి మెత్తగా అయ్యాయి, తర్వాత నడిమి కొమ్మలు. పై ఆకులు ఇంకా బాగానే ఉన్నాయనుకుంటుండగానే వారంలో అంతా అయిపోయింది. రోజ్‌మేరీ అయితే వాడినట్టే కనిపించదు. సూదుల్లాంటి ఆ ఆకులు బిరుసుగా ఉంటాయి కాబట్టి తలవాల్చవు. రంగు కాస్త వెలిసి, కొసలు గోధుమరంగుకి తిరిగి, చేత్తో తాకితే జలజలా రాలాయి. అచ్చం నీళ్లు చాలని మొక్కలా ఉంది. నేనూ అదే అనుకుని ఇంకో గ్లాసు పోశాను. చావుకి నేనే సాయం పట్టానన్నమాట.

కుండీలోంచి తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. వీటిని రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క ఊడిపోయి లోపల సన్నటి దారం మిగిలింది, కుళ్లిన వాసన. పైన ఎండినట్టు, కింద మురిగినట్టు. వేరు చచ్చాక మట్టిలో ఎంత నీరున్నా ఆకుకి అందదు కదా.

ఈ రెండూ మధ్యధరా తీరపు మొక్కలు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మనకి సరిగ్గా తిరగేసి, వేడీ తడీ కలిసి వస్తాయి. మనదేశంలో లావెండర్‌ని పొలాల్లో వేస్తున్నది జమ్మూలో కొండల మీది భదర్వా వైపు అంటే, దానికి ఎలాంటి చోటు కావాలో ఊహించుకోవచ్చు.

గాలిలో తేమ ఎక్కువైతే ఆకు నుంచి నీరు ఆవిరవడం తగ్గుతుంది. ఆకు వదలకపోతే వేరు పీల్చదు. వేరు పీల్చకపోతే కుండీ రోజుల తరబడి తడిగానే ఉంటుంది. మట్టిలోని సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీరు నిలబడితే వేరుకి ఆక్సిజన్ అందదు, నీరసపడిన వేరు మీదికి కుళ్లు తెగులు వస్తుంది. ఇంట్లో వెలుతురు కూడా తక్కువ కాబట్టి మొక్క వాడే నీరు ఇంకా తగ్గుతుంది. మేలో రెండు రోజులకొకసారి పోసిన నీళ్లే జులైలోనూ పోస్తే జరిగేది ఇదే.

మరి రెండింటిలో ఏది కొనాలి? తీరప్రాంతంలో ఉన్నవాళ్లకి నా ఓటు రోజ్‌మేరీకే. అది ఒకటి రెండు పొరపాట్లు ఓర్చుకుంటుంది, లావెండర్ ఓర్చుకోదు. లావెండర్ కావాల్సిందే అంటే, ఆకు అంచులు రంపపు పళ్లలా ఉండే రకం అడగండి, దాన్ని ఫ్రెంచ్ లావెండర్ అంటారు. తేమను కాస్తైనా తట్టుకుంటుంది. ఫొటోల్లో కనిపించే ఇంగ్లిష్ లావెండర్‌కి చలి కావాలి, విశాఖలో బతికినా పూయడం కష్టమే. హైదరాబాద్‌లో వానలు తగ్గాక గాలి పొడిగా ఉంటుంది కనుక అక్కడివాళ్లకి కాస్త వెసులుబాటు ఉంది.

నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇంకొకటి. నీరు త్వరగా జారిపోయే మట్టి ముఖ్యమా, గాలి ఆడటం ముఖ్యమా? మరుసటి ఏడు రెండు రోజ్‌మేరీలు తెచ్చి చూశాను. ఒకదాన్ని నర్సరీ కోకోపీట్‌తోనే బాల్కనీ గ్రిల్‌లో, గాలి బాగా తగిలేచోట ఉంచాను. రెండోదాని మట్టి మార్చి వంటింటి కిటికీ దగ్గరే పెట్టాను.

బాల్కనీది జులై అంతా చక్కగా ఉంది. గాలికి ఆకు చుట్టూ పేరుకున్న తేమ కొట్టుకుపోతుంది, మొక్క నీరు తాగుతూనే ఉంటుంది. ఆగస్టులో అల్పపీడనం పట్టి ఐదు రోజులు ముసురు వదల్లేదు. కోకోపీట్ స్పాంజిలా నీరు పట్టేసింది. ఎండ వచ్చాక పది రోజుల్లో ఆకులు రాలడం మొదలైంది. వంటింటిది బతికింది, కానీ అందంగా కాదు. వెలుతురు చాలక కొమ్మలు సన్నగా సాగాయి, సెప్టెంబరులో ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వచ్చింది. తెగులు పట్టిన కొమ్మలు కత్తిరించి బాల్కనీకి మార్చాక కోలుకుంది.

అందుకే ఒక్కటే చేయగలిగితే ముందు మట్టి మార్చండి. గాలి లేని లోటును కుండీ జరిపి తర్వాతైనా దిద్దుకోవచ్చు, కుళ్లిన వేరును వెనక్కి తేలేం.

నేను కలిపింది ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు ముతక ఏటి ఇసుక, ఒక వంతు శనగగింజంత ఇటుక ముక్కలు, పైన గుప్పెడు కంపోస్టు. ఇసుకనీ ఇటుకనీ కడిగి దుమ్ము పోగొట్టాలి, లేకపోతే ఆ దుమ్మే సందులు పూడ్చేస్తుంది. సన్న ఇసుక వేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. బీచ్ ఇసుక అసలు వద్దు, ఉప్పు. నర్సరీ నుంచి వచ్చిన కోకోపీట్ ముద్దను అలాగే పాతితే నడుమ తడిముద్ద ఉండిపోతుంది. అంచుల్లో వేళ్లతో విడదీసి, ఊడివచ్చినంత తీసేసి నాటాలి. ముద్ద మొత్తం దులిపితే వేర్లు తెగుతాయి.

కుండీ అడుగున రాళ్లు పరిస్తే నీరు జారుతుందని అందరూ చెబుతారు. జారదు. తడిపిన గిన్నెలు తోమే స్పాంజిని పడుకోబెట్టి పట్టుకోండి, కాసేపటికి చుక్కలు ఆగుతాయి. అదే స్పాంజిని నిలువుగా తిప్పితే మళ్లీ కారుతుంది. మట్టి అడుగున కూడా అలాగే కొంత నీరు పట్టి ఉంటుంది, రాళ్లు పరిస్తే ఆ తడి పొర పైకి, వేర్లకి ఇంకా దగ్గరగా వస్తుంది. వెడల్పు కన్నా లోతున్న కుండీ మేలు. పింగాణీ, ప్లాస్టిక్ కన్నా మట్టికుండీ మేలు, పక్కల నుంచి కూడా ఆరుతుంది. కింద ప్లేటు పెడితే అందులో నీరు నిలవనివ్వకండి.

చోటు విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. సన్‌షేడ్ కింద, పొద్దున ఎండ పడే గ్రిల్ అన్నిటికన్నా మేలు. అది లేనివాళ్లు బాగా వెలుతురు వచ్చే కిటికీ తెరిచిపెట్టి, పక్కన చిన్న టేబుల్ ఫ్యాన్ పగలు తిప్పితే చాలు. ఆకులు కొద్దిగా కదిలితే సరిపోతుంది. ఆకుల మీద నీళ్లు స్ప్రే చేయడం మాత్రం మానేయండి.

నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పడానికి నా దగ్గర ఉన్న పరికరం కాలిపోయిన అగరబత్తి పుల్ల. రెండంగుళాలు గుచ్చి, పది నిమిషాలు ఆగి తీస్తాను. తడి తగిలితే ఆ రోజు పోయను. గత జులైలో ఒకసారి తొమ్మిది రోజులు పోయలేదు, రోజ్‌మేరీ ఏమీ అనలేదు.

ఆకులు రాలుతున్న బాల్కనీ మొక్కకి అప్పటికి రెండు కొసలు పచ్చగానే ఉన్నాయి. వేలెడంత పొడవు కత్తిరించి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చాను. కొమ్మలు వేరు పట్టడానికి మాత్రం మన ఉక్కపోత బాగానే పనికొస్తుంది. ఐదో వారంలో మెల్లగా లాగి చూస్తే ఒకటి రాలేదు, పట్టుకుంది. ఇప్పుడు గ్రిల్‌లో ఉన్నది అదే.